న్యూస్, స్టాఫ్, డేటా: ఇంగ్లీషులో ఈ మాటల పక్కన ఈజ్ రాయాలా, ఆర్ రాయాలా?

తెలుగులో పాలు విరిగిపోయాయి అంటాం, పెరుగు పులిసింది అంటాం. గిన్నెలో ఉన్నది అదే పదార్థం. తోడుకోక ముందు బహువచనం, తోడుకున్నాక ఏకవచనం. నీళ్ళు వచ్చాయి, నూనె అయిపోయింది, బియ్యం ఉడికాయి, కందిపప్పు ఉడికింది. ఎందుకు ఇలా అని మనల్ని ఎవరూ అడగరు, మనమూ ఆలోచించం. ఒక మాటకు వచనాన్ని నిర్ణయించేది ఆ వస్తువు స్వభావం కాదు, ఆ భాషలో ఆ మాటకు ఏర్పడిన అలవాటు. ఇంగ్లీషు రాసేటప్పుడు తెలుగువారు చేసే వచన దోషాల్లో చాలా భాగం ఈ సంగతి మరచిపోవడం వల్లనే వస్తాయి. మనసులో వార్తలు అనుకుని న్యూస్ పక్కన ఆర్ రాస్తారు, పరికరాలు అనుకుని ఎక్విప్‌మెంట్ చివర ఎస్ చేరుస్తారు, కత్తెర అనుకుని సిజర్స్ పక్కన ఈజ్ పెడతారు.

ఈ మార్గదర్శిలో న్యూస్, స్టాఫ్, డేటా అనే మూడు మాటలనే ప్రధానంగా తీసుకుంటున్నాను. వీటిని ఎంచుకోవడానికి కారణం ఉంది. న్యూస్ చూడడానికి బహువచనం, నడవడిలో ఏకవచనం. స్టాఫ్ చూడడానికి ఏకవచనం, నడవడి మాత్రం దేశాన్నీ అర్థాన్నీ బట్టి మారుతుంది. డేటా పుట్టుకలో బహువచనం, నేటి వాడుకలో రెండుగానూ ఉంది. ఇబ్బంది పెట్టే నామవాచకాలు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకదాని బాటలోనే నడుస్తాయి కనుక, వీటిని సరిగా నిర్ణయించడం తెలిస్తే మిగిలినవాటికీ అదే పద్ధతి పనికి వస్తుంది.

మొదటి మెట్టు: ఆ వాక్యంలో క్రియ వచనాన్ని చూపిస్తుందో లేదో చూడండి

తెలుగులో క్రియ ఏ కాలంలో ఉన్నా వచనం కనిపిస్తుంది. వచ్చింది, వచ్చాయి, వచ్చారు. వస్తుంది, వస్తాయి, వస్తారు. ఇంగ్లీషులో అలా కాదు. విల్, కెన్, మస్ట్ వంటి సహాయక క్రియల తరువాత వచన భేదం లేదు. భూతకాలంలో కూడా వాజ్, వర్ అనే జంటను వదిలేస్తే భేదం లేదు. "ది స్టాఫ్ అగ్రీడ్" అన్నా, "ది డేటా షోడ్ ఏ రైజ్" అన్నా, "ది న్యూస్ విల్ స్ప్రెడ్" అన్నా రచయిత ఆ నామవాచకాన్ని ఏ వచనంగా భావించాడో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

వచనం బయటపడే చోట్లు నాలుగే: ఈజ్, ఆర్ మధ్య, వాజ్, వర్ మధ్య, హ్యాజ్, హ్యావ్ మధ్య, షో, షోస్ వంటి వర్తమానకాల క్రియల చివర ఎస్ ఉండడం, లేకపోవడం మధ్య. ముందుగా మీ వాక్యంలో క్రియ ఈ నాలుగింటిలో ఒకటేనా అని చూడండి. కాకపోతే ఆ వాక్యం వదిలేసి తరువాతి దానికి వెళ్ళవచ్చు. నిర్ణయించలేని సందర్భంలో ఇది ఒక దారి కూడా: అర్థం చెడకపోతే క్రియను భూతకాలంలోకి మార్చితే చిక్కు తొలగిపోతుంది. అర్థం చెడితే మాత్రం ఆ పని చేయకూడదు. ఇప్పటికీ నిజమైన విషయాన్ని గడిచిపోయినట్లు రాయడం వచన దోషం కన్నా పెద్ద దోషం.

రెండవ మెట్టు: అసలు కర్తను పట్టుకోండి

తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ నామవాచకానికి ముందే వచ్చేస్తాయి. కొత్త భవనాల గురించిన వార్త అంటాం. వార్త అనే మాట క్రియకు పక్కనే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ వివరమంతా నామవాచకం తరువాతకు జరుగుతుంది: "ది న్యూస్ అబౌట్ ది న్యూ బిల్డింగ్స్". ఇప్పుడు క్రియకు పక్కన నిలిచినది బిల్డింగ్స్. మన చెవి ఆ దగ్గరి మాటను కర్తగా పొరబడి ఆర్ రాయిస్తుంది. కర్త న్యూస్ కనుక ఈజ్ రావాలి.

దీనికి నేను పాటించే పద్ధతి చాలా సాదా: క్రియ నుండి వెనక్కి నడుస్తూ ఆఫ్, అబౌట్, ఫ్రమ్, ఇన్, విత్ వంటి మాటలతో మొదలయ్యే ముక్కలన్నింటినీ పెన్సిలుతో కొట్టివేయడం. "ది క్వాలిటీ ఆఫ్ ది డేటా" అన్నప్పుడు ఆఫ్ ది డేటా పోతుంది, క్వాలిటీ మిగులుతుంది. అంటే ఇక్కడ డేటా ఏకవచనమా బహువచనమా అన్న ప్రశ్నే లేదు. ఈజ్ అన్నది తప్పనిసరి. డేటా గురించి తర్జనభర్జన పడే వాక్యాల్లో కొన్ని ఇలా ప్రశ్నే లేకుండా తీరిపోతాయి.

ఈ కొట్టివేతకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. "ఏ నంబర్ ఆఫ్" అని మొదలైతే దాన్ని కర్తగా తీసుకోకూడదు. అది కొందరు, కొన్ని అనే అర్థమిచ్చే విశేషణం మాత్రమే. "ఏ నంబర్ ఆఫ్ స్టాఫ్ ఆర్ ఆన్ లీవ్" అంటే సిబ్బందిలో కొందరు సెలవులో ఉన్నారని అర్థం. ఏ బదులు ది వచ్చిందంటే మాత్రం నంబర్ నిజంగానే కర్త: "ది నంబర్ ఆఫ్ స్టాఫ్ ఈజ్ ఫార్టీ", అంటే సిబ్బంది సంఖ్య నలభై. తెలుగు అనువాదం చేసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: క్రియ కొందరికి చెందుతుందా, సంఖ్యకు చెందుతుందా?

మూడవ మెట్టు: చివరి ఎస్‌ను నమ్మకుండా పరీక్షించండి

కర్త దొరికాక దాని రూపాన్ని కాక నడవడిని చూడాలి. అందుకు రెండు పరీక్షలు చాలు. ఒకటి, ఆ మాట ముందు దిస్ ఇముడుతుందా, దీజ్ ఇముడుతుందా? రెండు, ఎక్కువ అని చెప్పాలంటే మచ్ అంటామా, మెనీ అంటామా? న్యూస్ విషయంలో "దిస్ న్యూస్", "నాట్ మచ్ న్యూస్" అన్నవే ఇముడుతాయి. కనుక అది ఏకవచనం. "ది న్యూస్ ఈజ్ గుడ్", "ది న్యూస్ హ్యాజ్ స్ప్రెడ్", "నో న్యూస్ ఈజ్ గుడ్ న్యూస్". ఇందులో బ్రిటన్‌కూ అమెరికాకూ భేదం లేదు, పత్రికకూ పరిశోధనకూ భేదం లేదు.

చివర ఎస్ ఎందుకు ఉందన్న సందేహం తీరితే ఈ మాట మళ్ళీ ఇబ్బంది పెట్టదు. కొత్త అనే అర్థమున్న న్యూ అనే విశేషణానికి బహువచన ప్రత్యయం చేర్చి, ఫ్రెంచి మాట ఒరవడిలో, కొత్త సంగతులు అనే అర్థంలో దీన్ని తయారుచేశారు. 16, 17 శతాబ్దాల ఇంగ్లీషులో దీన్ని బహువచనంగానూ ఏకవచనంగానూ రాసినవారున్నారు. తరువాత ఏకవచనమే నిలబడింది, ఎస్ మాత్రం పాత గుర్తుగా మిగిలింది. తెలుగులో మనం కూడా ఆ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు ఏదో న్యూస్ వచ్చింది అనే అంటాం, వచ్చాయి అనం. వార్తలు అనే మాటను మనసులో పెట్టుకోకుండా, తెలుగులో న్యూస్ అని వాడేటప్పటి ఈ అలవాటునే గుర్తుంచుకుంటే తప్పు జరగదు.

న్యూస్ ఏకవచనమే అయినా లెక్కపెట్టడానికి వీలులేని మాట. అందువల్ల "ఏ న్యూస్", "టూ న్యూస్", "వన్ ఆఫ్ ది న్యూస్" అన్నవి మూడూ తప్పులే. ఒక వార్త అనాలంటే "ఏ పీస్ ఆఫ్ న్యూస్" లేదా "ఏ న్యూస్ ఐటమ్" అనాలి. రెండు వార్తలైతే "టూ పీసెస్ ఆఫ్ న్యూస్" అవుతుంది. అప్పుడు రెండవ మెట్టులో చెప్పినట్లు కర్త పీసెస్ అయిపోయింది కనుక క్రియ బహువచనంలోకి మారుతుంది: "బోత్ పీసెస్ ఆఫ్ న్యూస్ ఆర్ ట్రూ". ఇన్ఫర్మేషన్, అడ్వైజ్, ఎక్విప్‌మెంట్, లగేజ్, ఫర్నిచర్ అన్నవి చివర ఎస్ లేకపోయినా సరిగ్గా ఇలాగే నడుస్తాయి. వీటికి ఎస్ చేర్చకూడదు, బహువచన క్రియ రాయకూడదు. తెలుగులో సలహాలు, పరికరాలు, సామాన్లు అని బహువచనాలు ఉండడమే ఇక్కడ మన చేత తప్పు చేయిస్తుంది.

ఐసీఎస్‌తో ముగిసే శాస్త్రాల పేర్లు న్యూస్‌కు దగ్గరి చుట్టాలు. ఫిజిక్స్, మ్యాథమెటిక్స్, ఎకనామిక్స్ అన్నవి చదివే విషయాలైనప్పుడు ఏకవచనాలు. లెక్కలు రావు అని తెలుగులో బహువచనంలో అనుకున్నా "మ్యాథమెటిక్స్ ఈజ్ డిఫికల్ట్" అనే రాయాలి. కానీ వీటిలో స్టాటిస్టిక్స్ అన్నది రెండు వేర్వేరు మాటలుగా పనిచేస్తుంది. గణాంకశాస్త్రం అనే అర్థంలో "స్టాటిస్టిక్స్ ఈజ్ టాట్ ఇన్ ది సెకండ్ ఇయర్". అంకెలు అనే అర్థంలో "ది స్టాటిస్టిక్స్ ఆర్ రాంగ్". రెండవ అర్థంలో ఒక్క అంకెకు "ఏ స్టాటిస్టిక్" అని ఎస్ లేని ఏకవచనం నిజంగానే వాడుకలో ఉంది. ఎస్ తీసేస్తే మిగిలే మాటకు ఆ వాక్యంలో అదే అర్థం నిలిస్తే, ఎస్ ఉన్నది నిజమైన బహువచనం. న్యూస్‌లో ఎస్ తీసేస్తే మిగిలేది న్యూ, అంటే కొత్త. వార్త అనే అర్థం పోయింది. కనుక అది బహువచనం కాదు.

నాలుగవ మెట్టు: సమూహవాచకమైతే, ఎవరి ఇంగ్లీషులో రాస్తున్నారో తేల్చుకోండి

స్టాఫ్ దగ్గరకు వచ్చేసరికి పై పరీక్షలు పూర్తిగా పనిచేయవు. స్టాఫ్, టీమ్, కమిటీ, గవర్నమెంట్ వంటి మాటలు ఒక గుంపుకు పేర్లు. ఆ గుంపును ఒక్కటిగా చూడవచ్చు, అందులోని మనుషులుగానూ చూడవచ్చు. తెలుగులో ఈ విషయం మాటకు ముడిపడి ఉంది: ప్రభుత్వం ప్రకటించింది, జట్టు గెలిచింది, కానీ సిబ్బంది వచ్చారు. సిబ్బంది వచ్చింది అని చదివితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులో ఇది మాటతో పాటు దేశానికీ ముడిపడి ఉంది.

అమెరికన్ ఇంగ్లీషులో సమూహవాచకాలకు ఏకవచన క్రియ సాధారణం: "ది స్టాఫ్ ఈజ్ రెడీ". మనుషులను విడివిడిగా చెప్పాలనిపిస్తే వారు మాటనే మారుస్తారు: "ది స్టాఫ్ మెంబర్స్ ఆర్ రెడీ". బ్రిటిష్ ఇంగ్లీషులో రెండూ ఉన్నా, అన్ని మాటలకూ ఒకే మొగ్గు లేదు. కమిటీ, గవర్నమెంట్ వంటివాటికి ఏకవచనమే ఎక్కువ. స్టాఫ్‌కు మాత్రం బహువచనమే సహజం: "ది స్టాఫ్ ఆర్ రెడీ". భారతదేశంలో మనం నేర్చుకున్నది ప్రధానంగా బ్రిటిష్ సంప్రదాయం కనుక ఇక్కడి కార్యాలయ ఇంగ్లీషులో స్టాఫ్ పక్కన ఆర్ రాయడం తప్పు కాదు. చాలామంది వ్యాకరణం తెలిసినవారు కూడా ఈ వాక్యాన్ని చూసి ఎర్ర సిరాతో ఈజ్ అని దిద్దుతారు. ఆ దిద్దుబాటు అనవసరమని నా నిశ్చితాభిప్రాయం.

క్రికెట్ చూసేవారికి ఈ భేదం ఇదివరకే పరిచయం. బ్రిటిష్ బాణీ వ్యాఖ్యానంలో "ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ త్రీ" అంటారు. అక్కడ ఇండియా అంటే ఆడుతున్న పదకొండు మంది. అదే పత్రికలో మరో పేజీలో "ఇండియా హ్యాజ్ సైన్డ్ ది అగ్రిమెంట్" అని ఉంటుంది. అక్కడ ఇండియా అంటే దేశం. మాట ఒక్కటే, వచనాలు రెండు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు, ఎందుకంటే మొదటి వాక్యంలో మనుషులను, రెండవ వాక్యంలో ఒక వ్యవస్థను చూస్తున్నాం.

కనుక బ్రిటిష్ లేదా భారతీయ సంప్రదాయంలో రాసేవారు అడగవలసిన ప్రశ్న ఇది: ఆ వాక్యంలో చెప్పిన పని గుంపు మొత్తం కలిసి ఒక్కటిగా చేసేదా, లేక ఒక్కొక్కరూ చేసేదా? విభేదించడం, సెలవులో ఉండడం, ఇళ్ళకు వెళ్ళడం ఒక్కొక్కరూ చేసే పనులు. "ది కమిటీ ఆర్ డివైడెడ్" అన్నప్పుడు ఒక్కటిగా ఉన్నది చీలలేదు, సభ్యులు చీలారు. ఏర్పాటు కావడం, చిన్నదిగా ఉండడం, రద్దు కావడం గుంపుకు జరిగేవి. "ది కమిటీ ఈజ్ స్మాల్" అంటే సభ్యులు తక్కువ మంది అని. ఇక్కడ ఆర్ పెడితే సభ్యులు పొట్టివారు అన్న అర్థం తోస్తుంది. అమెరికన్ పాఠకుల కోసం రాస్తుంటే ఈ ప్రశ్న అడగకుండానే ఈజ్ రాసి, వాక్యం అందుకు ఒప్పుకోకపోతే మెంబర్స్ అనే మాట చేర్చడం ఉత్తమం.

వచనం ఏది ఎంచుకున్నా తరువాతి సర్వనామం దానికి పొసగాలి. "ది స్టాఫ్ ఈజ్ హ్యాపీ విత్ దెయిర్ క్వార్టర్స్" అన్న వాక్యంలో మొదట ఒక్కటిగా చూసి, రెండు మాటలు దాటగానే పలువురిగా చూశాం. మాటల్లో ఇది దొర్లినా ఎవరూ పట్టించుకోరు. రాతలో మాత్రం దెయిర్ ఉంచదలచుకుంటే క్రియను ఆర్ చేయాలి. అలాగే బహువచనంగా చూసినప్పుడు "స్టాఫ్ హూ ఆర్" అనీ, ఏకవచనంగా చూసినప్పుడు "ఏ స్టాఫ్ దట్ ఈజ్" అనీ రాయాలి.

ఇక మన దగ్గర బాగా కనిపించే పొరపాటు క్రియలో కాదు, లెక్కలో ఉంది. తెలుగు సంభాషణలో ఆయన మా స్టాఫే అని ఒక్క మనిషిని గురించి అంటాం. అది ఇంగ్లీషులోకి "హి ఈజ్ అవర్ స్టాఫ్" అనో, "వన్ స్టాఫ్ హ్యాజ్ కమ్" అనో దిగుతుంది. స్టాఫ్ అంటే ఎప్పుడూ గుంపే. ఒక్కరిని చెప్పాలంటే "ఏ మెంబర్ ఆఫ్ స్టాఫ్" అనాలి. ఎవ్రీ, ఈచ్ అనే మాటలు చేరినా అంతే, అప్పుడు కర్త మెంబర్ కనుక క్రియ ఏకవచనం. బ్రిటిష్ వాడుకలో "టెన్ స్టాఫ్ ఆర్ నీడెడ్" అనవచ్చు, కానీ ఎస్ చేర్చకూడదు. స్టాఫ్స్ అన్న రూపానికి చోటు ఒక్కటే: రెండు మూడు సంస్థల సిబ్బంది వర్గాలను విడివిడిగా చెప్పేటప్పుడు. పోలీస్ అన్న మాటది ఇంకా గట్టి నియమం. అది అన్ని దేశాల్లోనూ బహువచనమే: "ది పోలీస్ ఆర్ హియర్". పోలీసు వచ్చాడు అని తెలుగులో ఒక్కరిని అనగలం గాని, "ఏ పోలీస్" అనేది ఇంగ్లీషులో లేదు. పోలీస్ ఆఫీసర్ అనాలి.

అయిదవ మెట్టు: డేటా విషయంలో ఒక పక్షం ఎంచుకుని, చివరిదాకా నిలబడండి

డేటా లాటిన్ మాట. ఇవ్వబడినది అనే అర్థమున్న డేటమ్‌కు అది బహువచనం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఈ పుట్టుకను పట్టుకుని "డేటా ఆర్" అన్నదే శుద్ధమని వాదించేవారున్నారు. అజెండా కూడా ఇలాంటి లాటిన్ బహువచనమే, దానికి ఆర్ రాయాలని వారు కూడా అనరు. అంటే పుట్టుక ఒక్కటే నిర్ణయించదు. అలాగని పుట్టుకకు విలువే లేదనీ అనలేం: క్రైటీరియా, ఫినామినా అన్నవి నేటికీ శిష్టమైన రాతలో బహువచనాలే, "ది క్రైటీరియా ఈజ్" అన్నది ఇంకా తప్పుగానే పరిగణన పొందుతోంది. ఒక్కొక్క మాటనూ వాడుక ఒక్కొక్క దూరం నడిపించింది. అజెండా పూర్తిగా ఒడ్డు దాటింది, క్రైటీరియా ఇంకా దాటలేదు, డేటా మధ్యలో ఉంది.

మధ్యలో ఉందని చెప్పడానికి మంచి ఆధారం డేటాను బహువచనంగా రాసేవారి అలవాటులోనే ఉంది. వారు "దీజ్ డేటా ఆర్" అంటారు, "మెనీ డేటా" అని కూడా కొందరు అంటారు, కానీ "సెవెన్ డేటా" అని మాత్రం రాయరు. లెక్క చెప్పవలసి వస్తే "సెవెన్ డేటా పాయింట్స్" అంటారు. పూర్తి బహువచనమైతే ముందు అంకె ఇమడాలి కదా. మరో వైపు ఫోనులో వాడే డేటాను బహువచనంగా అనేవారు లేరు. తెలుగులో డేటా అయిపోయింది అంటాం, అయిపోయాయి అనం. ఇంగ్లీషులోనూ ఆ అర్థంలో ఏకవచనమే. కంప్యూటరులో నిల్వ ఉండేది, తీగ మీదుగా పంపేది, నెలనెలా కొనుక్కునేది అయిన డేటా నీళ్ళలాంటి రాశి. దానికి ఈజ్ తప్ప వేరే ఆలోచన అక్కరలేదు.

సందేహం మిగిలేది సేకరించిన పరిశీలనలు, కొలతలు, గణాంకాలు అనే అర్థంలోనే. అక్కడ పాఠకులెవరన్నది చూడాలి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ శైలిని పాటించే మనస్తత్వశాస్త్ర, సామాజికశాస్త్ర వ్యాసాల్లో బహువచనం రాస్తారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ శైలి సాధారణ పాఠకుల కోసం ఏకవచనాన్ని, శాస్త్ర, విద్యా సంబంధమైన రచనల్లో బహువచనాన్ని సూచిస్తుంది. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక శైలి ఏకవచనమే. కనుక పరిశోధన పత్రిక అయితే రాయడం మొదలుపెట్టక ముందే దాని శైలి నియమాలు చూడండి. నియమం దొరకకపోతే ఆ పత్రికలోనే ఇటీవలి మూడు నాలుగు వ్యాసాలు తెరిచి వారు ఏం రాశారో చూడండి. కార్యాలయ నివేదిక, వార్త, సాధారణ వ్యాసం అయితే ఏకవచనమే రాయమని నేను సలహా ఇస్తాను, ఎందుకంటే నేటి పాఠకుడు డేటాను ఒక రాశిగానే ఊహించుకుంటాడు, ఈజ్ చదివి ఎక్కడా ఆగడు.

ఏ పక్షమైనా సరే, దాని సరంజామా అంతా దానితోనే రావాలి. ఏకవచనమైతే దిస్, ఇట్, మచ్, లిటిల్ రావాలి. బహువచనమైతే దీజ్, దే, మెనీ, ఫ్యూ రావాలి. చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. క్రియను జాగ్రత్తగా ఆర్ చేసినవారు తరువాతి వాక్యాన్ని "దిస్ డేటా" అని మొదలుపెడతారు. పలువురు కలిసి రాసిన నివేదికలో మొదటి అధ్యాయం ఒక వచనంలోనూ మూడవ అధ్యాయం మరో వచనంలోనూ ఉంటాయి. పని ముగిశాక పత్రంలో వెతికే పెట్టెలో ఈ మాటలను ఒక్కొక్కటిగా టైపు చేసి చూస్తే ఇలాంటివి చాలావరకు దొరుకుతాయి.

```
data is
data are
data has
data have
data was
data were
this data
these data
```

ఈ వెతుకులాటకు ఒక పరిమితి ఉంది. డేటాకూ క్రియకూ మధ్య వేరే మాటలు చొరబడిన వాక్యాలు ఇందులో పడవు. అందుకే డేటా అన్న ఒక్క మాటనే వెతికి, దొరికిన ప్రతి వాక్యాన్నీ క్రియ వరకు చదివే పని కూడా ఒకసారి చేయాలి. నలభై పేజీల నివేదికకైనా దీనికి పట్టే సమయం స్వల్పమే. డేటాసెట్ అన్న మాటతో మాత్రం ఏ చిక్కూ లేదు. అది మామూలు లెక్కించదగిన నామవాచకం, ఒక్కటైతే ఈజ్, ఎస్ చేరితే ఆర్.

ఒక నివేదిక ముక్క మీద ఈ మెట్లన్నీ

ఒక ఆసుపత్రి వార్షిక నివేదికలో అయిదు వాక్యాలున్నాయనుకుందాం. నివేదిక ఇక్కడి అధికారుల కోసం, అంటే భారతీయ సంప్రదాయంలో. మొదటి వాక్యం: "ది న్యూస్ ఫ్రమ్ ది డిస్ట్రిక్ట్ ఆఫీసెస్ ఆర్ ఎన్‌కరేజింగ్". క్రియ వచనాన్ని చూపిస్తోంది. ఫ్రమ్ నుండి ఆఫీసెస్ వరకు కొట్టివేస్తే న్యూస్ మిగిలింది. రచయితను తప్పుదారి పట్టించినవి రెండు: పక్కనే ఉన్న ఆఫీసెస్, మనసులో ఉన్న వార్తలు. ఈజ్ అని దిద్దాలి.

రెండవ వాక్యం: "ది నర్సింగ్ స్టాఫ్ ఈజ్ డివైడెడ్ ఓవర్ దెయిర్ షిఫ్ట్స్". విభేదించినది మనుషులు, దెయిర్ కూడా బహువచనం. కనుక ఆర్. ఇదే నివేదిక అమెరికాలోని దాతృసంస్థకు వెళ్ళేదైతే ఈజ్‌ను ఆర్‌గా మార్చడం కన్నా "ది నర్సెస్ ఆర్ డివైడెడ్" అని రాయడం మేలు. అది ఎక్కడైనా చెల్లుతుంది, పైగా చిన్న వాక్యం.

మూడవది: "ది నంబర్ ఆఫ్ స్టాఫ్స్ ఆన్ లీవ్ హ్యావ్ ఇంక్రీజ్డ్". ఇక్కడ దోషాలు రెండు. ఒకే ఆసుపత్రి కనుక స్టాఫ్స్ అన్న రూపం కుదరదు. ముందు ది ఉంది కనుక నంబర్ నిజమైన కర్త, పెరిగింది సంఖ్య. "ది నంబర్ ఆఫ్ స్టాఫ్ ఆన్ లీవ్ హ్యాజ్ ఇంక్రీజ్డ్" కావాలి.

నాలుగవ వాక్యమూ అయిదవ వాక్యమూ కలిసే ఉన్నాయి: "ది డేటా కలెక్టెడ్ ఫ్రమ్ ది త్రీ వార్డ్స్ ఆర్ ఇన్‌కంప్లీట్. దిస్ డేటా వాజ్ నాట్ చెక్డ్". విడివిడిగా చూస్తే రెండూ తప్పు కావు. మొదటిది బహువచన పక్షం, రెండవది ఏకవచన పక్షం. పక్కపక్కన ఉండడమే తప్పు. నేను దిద్దేటప్పుడు రచయితను ఒక్క ప్రశ్న అడుగుతాను: నాలుగవ వాక్యంలో ఆర్ రాసింది డేటా బహువచనమని తెలిసి రాసిందా, వార్డ్స్ పక్కన ఉండడం వల్ల వచ్చిందా? తెలిసే రాసివుంటే అయిదవదాన్ని "దీజ్ డేటా వర్ నాట్ చెక్డ్" అని మార్చి, నివేదిక మొత్తాన్నీ ఆ పక్షానికి తేవాలి. వార్డ్స్ ప్రభావమే అయితే, ఇది కార్యాలయ నివేదిక కనుక, నాలుగవ వాక్యంలో ఆర్ తీసి ఈజ్ పెట్టి, అయిదవదాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి.